పిల్లల పాత గేమ్ ఖాతా, కొనుగోళ్ల చరిత్ర తొలగించడం: ఏది ముందు, ఏది చివర

పిల్లలు ఆడటం మానేసిన గేమ్ ఖాతాను ఎలా తీసేయాలని అడిగే తల్లిదండ్రుల్లో చాలామంది, అడిగే సమయానికే రెండు పనులు చేసేసి ఉంటారు. ఒకటి, యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయడం. రెండు, ఈమెయిల్‌లో పేరుకున్న కొనుగోలు రసీదులన్నిటినీ చెరిపేయడం. నిజానికి ఈ రెండూ ఖాతా తొలగింపు కోరాకే చేయవలసిన పనులు. యాప్ తీసేసినంత మాత్రాన ఖాతా పోదు, నెలవారీ చందా ఆగదు. రసీదులు పోతే మాత్రం, ఆ ఖాతా మీ బిడ్డదేనని నిరూపించుకునే ఆధారం పోతుంది.

అందుకే ఈ మార్గదర్శి అంతా ఒక వరుస చుట్టూ సాగుతుంది: ముందు ఆధారాలు, తర్వాత చందాలు, ఆపైన ఖాతా, అది పూర్తిగా పోయిందని తేలాక లాగిన్ లింకులు, అన్నిటికన్నా చివర రసీదులు.

## 1. ఏ సమాచారం ఎవరి దగ్గర ఉంది

ఒకే గేమ్‌కు సంబంధించిన సమాచారం సాధారణంగా మూడు చోట్ల ఉంటుంది. ఒక చోట తొలగిస్తే మిగిలిన రెండు చోట్ల అది అలాగే ఉండిపోతుంది.

గేమ్ కంపెనీ సర్వర్: ఆటలోని పేరు, స్థాయి, స్నేహితుల జాబితా, చాట్, కొన్న వజ్రాలు, నాణేల లెక్క ఇక్కడ ఉంటాయి. మనం తొలగించాలనుకుంటున్న అసలు ఖాతా ఇదే.

లాగిన్ ఇచ్చిన సంస్థ: గూగుల్, యాపిల్, ఫేస్‌బుక్ వంటి ఖాతాతో ఆటలోకి వెళ్లి ఉంటే, ఆ అనుమతి అక్కడ నమోదై ఉంటుంది.

యాప్ స్టోర్: డబ్బు చెల్లింపు ప్లే స్టోర్ లేదా యాపిల్ యాప్ స్టోర్ ద్వారా జరిగి ఉంటే, కొనుగోలు రికార్డు, రసీదు, కార్డు వివరాలు అక్కడ ఉంటాయి. కుటుంబ చెల్లింపు విధానాన్ని వాడుకున్న ఇళ్లలో బిడ్డ కొన్నదానికి డబ్బు కుటుంబ నిర్వాహకుడి ఖాతా నుంచి వెళ్తుంది. కాబట్టి రసీదుల కోసం బిడ్డ ఈమెయిల్ ఒక్కటే వెతికితే సరిపోదు.

ఒక గేమ్ కోసం బిడ్డ గూగుల్ ఖాతానో యాపిల్ ఖాతానో మొత్తంగా తొలగించాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. అలా చేయకండి. ఫోటోలు, ఇతర యాప్‌లు, కొన్నవన్నీ పోతాయి. అంత చేసినా, గేమ్ కంపెనీ సర్వర్‌లోని ఖాతా దానంతట అది చెరిగిపోతుందన్న భరోసా లేదు.

## 2. ముందుగా ఆధారాలు సేకరించండి

ఈ పనికి ఒక పూట కేటాయించండి. గేమ్ ఇంకా ఏదైనా ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో తెరుచుకుంటుంటే, దాన్ని తెరిచి సెట్టింగ్స్‌లోకో ప్రొఫైల్‌లోకో వెళ్లండి. అక్కడ అంకెలతోనో, అంకెలూ అక్షరాలూ కలిసో ఉండే ప్లేయర్ ఐడీ కనిపిస్తుంది. ఆటలో పిల్లలు పెట్టుకున్న పేరు వేరు, ఈ ఐడీ వేరు. పేరును ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఒకే పేరు పదిమందికి ఉండవచ్చు. కంపెనీ ఖాతాను గుర్తించేది ఐడీతోనే.

తర్వాత రసీదుల సంగతి. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ తెరిచి, ప్రొఫైల్ బొమ్మ నొక్కి, `Payments & subscriptions`, అందులో `Budget & history` చూడండి. ఐఫోన్, ఐప్యాడ్‌లలో సెట్టింగ్స్‌లో పేరు మీద నొక్కి, `Media & Purchases`, `View Account`, `Purchase History` వరుసలో వెళ్లండి. ప్లే స్టోర్ ఆర్డర్ నంబరు `GPA.` అనే అక్షరాలతో మొదలవుతుంది. యాపిల్ రసీదులో `Order ID` అని రాసి ఉంటుంది. ఈమెయిల్‌లో గేమ్ పేరుతో వెతికినా, `GPA.` అని వెతికినా పాత రసీదులు బయటికి వస్తాయి.

సిద్ధం చేసుకోవలసినవి:

- ప్లేయర్ ఐడీ కనిపించే స్క్రీన్‌షాట్
- ఆటలోని పేరు, సుమారు స్థాయి, చేరిన జట్టు పేరు
- మొట్టమొదటి కొనుగోలు, చివరి కొనుగోలు రసీదులు (ఆర్డర్ నంబరు, తేదీ, మొత్తం కనిపించేలా)
- ఆట ఏ లాగిన్‌తో కలిసి ఉంది: గూగుల్, యాపిల్, ఫేస్‌బుక్, ఈమెయిల్, లేక గెస్ట్
- గేమ్ ఆడిన పరికరాలన్నిటి జాబితా, పక్కకు పెట్టేసిన పాత ఫోన్‌తో సహా

మొదటి కొనుగోలు రసీదును ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఖాతా ఎవరిదో తేల్చడానికి అది ఎప్పుడు మొదలైంది, మొదట ఏం కొన్నారు అనే ప్రశ్నలు సపోర్ట్ వాళ్లు అడుగుతుంటారు. కొత్తగా ఎవరో ఖాతాను చేజిక్కించుకున్నా, ఆ వివరం వాళ్ల దగ్గర ఉండదు.

ఈ దశలోనే బిడ్డతో ఒక మాట మాట్లాడండి. జట్టుకు నాయకత్వం వహిస్తుంటే ఇంకొకరికి అప్పగించాలి, దాచుకోవాలనుకున్న బొమ్మలు ఉంటే స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి. మరుసటి రోజు బిడ్డ రహస్యంగా మళ్లీ లాగిన్ అయితే ఏమవుతుందో ఆరో దశలో ఉంది. కాబట్టి ఈ సంభాషణ కేవలం మర్యాద కోసం కాదు.

## 3. చందాలు ఆపండి, వాపసు ఉంటే తేల్చుకోండి

స్టోర్ ద్వారా తీసుకున్న నెలవారీ పాస్‌లు, సభ్యత్వాలు స్టోర్‌లోనే రద్దు కావాలి. ఖాతా తొలగించాక కూడా ఆ చందాకు డబ్బు కట్ అవుతూనే ఉండవచ్చు, ఎందుకంటే డబ్బు తీసుకునేది స్టోర్, ఖాతా చెరిపింది గేమ్ కంపెనీ. ప్లే స్టోర్‌లో `Payments & subscriptions` కింద ఉన్న `Subscriptions`లోనూ, యాపిల్‌లో సెట్టింగ్స్‌లో పేరు మీద నొక్కితే వచ్చే `Subscriptions`లోనూ రద్దు చేసి, రద్దయినట్లు చూపే తేదీని స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఈ మధ్యే బిడ్డ మీకు తెలియకుండా ఏదైనా కొని ఉంటే, వాపసు అభ్యర్థన కూడా ఇప్పుడే పెట్టాలి. యాపిల్ కొనుగోళ్లకు `reportaproblem.apple.com` ఉంది. ప్లే స్టోర్‌లో కొని 48 గంటలు దాటకపోతే గూగుల్‌కు నేరుగా అభ్యర్థన పెట్టవచ్చు, దాటితే సాధారణంగా గేమ్ తయారుచేసిన కంపెనీని అడగమంటారు. ఖాతా ఒకసారి చెరిగిపోయాక ఆ కంపెనీకి చూసి తేల్చడానికి ఏమీ మిగలదు. అభ్యర్థన తేలేదాకా ఖాతాను కదపకండి. స్టోర్‌ను అడగకుండా నేరుగా బ్యాంకులో ఫిర్యాదు చేస్తే, ఆ స్టోర్ ఖాతా మీదే ఆంక్షలు పడే ప్రమాదం ఉంటుంది కాబట్టి అది ఆఖరి దారిగానే ఉంచుకోండి.

ఖాతాలో మిగిలిన వజ్రాలు, నాణేలు మాత్రం ఖాతాతోపాటే పోతాయి. వాటిని ఇంకో ఖాతాకు మార్చి ఇస్తామనేవారినీ, ఖాతా కొంటామనేవారినీ, ఖాతాలు తొలగించిపెడతామని పాస్‌వర్డ్ అడిగే సైట్లనూ దగ్గరికి రానివ్వకండి.

## 4. గేమ్ లోపలి నుంచే ఖాతా తొలగించండి

ఖాతా తెరుచుకునే మార్గం ఉన్నప్పుడు పని తేలిక. ఖాతా సృష్టించుకునే వీలు ఇచ్చే యాప్‌లన్నీ, దాన్ని తొలగించడం మొదలుపెట్టే వీలు కూడా యాప్ లోపలే ఇవ్వాలని యాపిల్ 2022 జూన్ 30 నుంచి నియమం పెట్టింది. గూగుల్ ప్లే అయితే యాప్ లోపలి మార్గంతోపాటు, తొలగింపు కోరేందుకు ఒక వెబ్ లింకు కూడా ఇవ్వాలంటుంది. ఈ రెండో నియమం యాప్‌ను ఇప్పటికే అన్‌ఇన్‌స్టాల్ చేసినవారికి బాగా పనికొస్తుంది. ప్లే స్టోర్‌లో ఆ గేమ్ పేజీ తెరిచి `Data safety` విభాగంలోకి వెళ్తే ఆ లింకు దొరకాలి.

గేమ్‌లో సెట్టింగ్స్, ఖాతా, గోప్యత, సహాయం అనే పేర్లున్న చోట్ల వెతకండి. తొలగింపు బటన్ చాలాసార్లు పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ కనిపించే మాటల్ని జాగ్రత్తగా చదవండి. `Log out` అంటే ఆ పరికరంలో బయటికి రావడం మాత్రమే. `Disconnect` లేదా `Unlink` అంటే లాగిన్ లింకు తెంచడం. `Deactivate` అంటే సాధారణంగా ఖాతాను నిద్రపుచ్చడం. మీకు కావలసింది `Delete account`.

అందరూ పొరపడే చోటు ఇక్కడే ఉంది. గూగుల్, యాపిల్ సెట్టింగ్స్‌లో గేమ్‌కు ఇచ్చిన అనుమతిని ముందే తీసేస్తే, ఖాతాను తొలగించడానికి దానిలోకి వెళ్లే తలుపు మీరే మూసేసినట్లవుతుంది. యాపిల్ లాగిన్‌లో ఈమెయిల్ దాచే ఎంపికను వాడి ఉంటే ఇబ్బంది ఇంకా పెద్దది. అలాంటప్పుడు గేమ్ కంపెనీ దగ్గర ఉండేది `@privaterelay.appleid.com`తో ముగిసే చిరునామా. ఆ చిరునామాకు వచ్చే ఉత్తరాలు మీకు చేరడం ఆపేస్తే, తొలగింపును ధృవీకరించే కోడ్ కూడా మీకు చేరదు. ఏడో దశ వచ్చేదాకా లింకు తెంచే పని మొదలుపెట్టకండి.

తొలగింపు కోరిన వెంటనే:

- తెర మీద వచ్చిన నిర్ధారణ సందేశం స్క్రీన్‌షాట్ తీసుకోండి
- ధృవీకరణ ఈమెయిల్ ఏ చిరునామాకు వెళ్లిందో చూడండి, స్పామ్‌లో కూడా వెతకండి
- తొలగింపు పూర్తయ్యే తేదీని క్యాలెండర్‌లో రాసుకోండి

## 5. లాగిన్ కాలేకపోతే: ఒక ఉదాహరణ

పాత ఖాతాల్లో ఎక్కువగా ఎదురయ్యేది ఈ పరిస్థితే. ఇలాంటి ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. పాప ఎనిమిదేళ్ల వయసులో అమ్మ ఫోన్‌లో ఒక గేమ్‌ను గెస్ట్‌గా మొదలుపెట్టింది. ఆ ఫోన్ పాడైంది. కొన్నాళ్లకు ట్యాబ్ వచ్చింది, అందులో పాప పేరుతో తీసిన గూగుల్ ఖాతాతో అదే గేమ్ మళ్లీ మొదలైంది. ఇప్పుడు పాపకు పదకొండేళ్లు, ఆట మీద ఆసక్తి పోయింది. ఇంట్లోవాళ్లు ఒకే ఖాతా ఉందనుకుంటున్నారు.

రసీదులు తేదీల వారీగా పెట్టి చూస్తే సంగతి బయటపడుతుంది. ఆగస్టుదాకా రసీదులు అమ్మ ఈమెయిల్‌లో ఉన్నాయి. అక్టోబరు నుంచి నాన్న ఈమెయిల్‌లో ఉన్నాయి, ఎందుకంటే ట్యాబ్‌లో కుటుంబ చెల్లింపు విధానం ఆయనది. పైగా కొత్తగా చేరినవారికి ఒక్కసారే అమ్మే చిన్న ప్యాక్ రెండు చోట్లా కొన్నట్లు ఉంది. ఒకే ఖాతాలో అది రెండుసార్లు కొనే వీలుండదు. అంటే ఖాతాలు రెండు.

ట్యాబ్‌లోని ఖాతా ఇంకా తెరుచుకుంటుంది కాబట్టి నాలుగో దశ ప్రకారం తొలగించవచ్చు. ధృవీకరణ కోడ్ మాత్రం రసీదులు వెళ్లే నాన్న ఈమెయిల్‌కు కాక, పాప ఈమెయిల్‌కు వస్తుంది. నాన్న ఫోన్‌లో ఎంతసేపు వెతికినా అది దొరకదు.

మొదటి ఖాతాది వేరే కథ. గెస్ట్ ఖాతాకు ఈమెయిల్ ఉండదు, ఆ ఫోనూ లేదు. అమ్మ ఫోటోల బ్యాకప్‌లో వెతికితే, పాప గెలిచిన రోజు తీసిన స్క్రీన్‌షాట్ మూలన ప్లేయర్ ఐడీ చిన్నగా కనిపిస్తుంది. అది దొరక్కపోతే రసీదులోని ఆర్డర్ నంబరే ఆధారం. కొనుగోలు ఏ ఖాతాకు జమ అయిందో కంపెనీ దాన్నిబట్టి వెతకగలదు. ఇక మిగిలింది ఉత్తరం రాయడమే. గేమ్ గోప్యతా విధానం పేజీలో ఉండే ఈమెయిల్‌కు రాయండి. అది సాధారణ సపోర్ట్ చిరునామా కన్నా నేరుగా సరైన విభాగానికి చేరుతుంది.

ఉత్తరం ఇలా ఉండవచ్చు:

> విషయం: నా బిడ్డ గేమ్ ఖాతాను, వ్యక్తిగత సమాచారాన్ని శాశ్వతంగా తొలగించమని అభ్యర్థన
>
> నేను ఈ ఖాతా వాడిన బాలిక తల్లిని. ఆమె వయసు 11 ఏళ్లు. ఖాతా గెస్ట్‌గా మొదలైంది, ఆ ఫోన్ ఇప్పుడు పనిచేయడం లేదు కాబట్టి లాగిన్ కాలేకపోతున్నాను.
>
> ప్లేయర్ ఐడీ, ఆటలోని పేరు, ఆడిన ఫోన్ మోడల్, మొదటి, చివరి కొనుగోళ్ల ఆర్డర్ నంబర్లు, తేదీలు కింద ఇస్తున్నాను. రసీదుల కాపీలు జతచేశాను.
>
> ఖాతాను, చాట్, స్నేహితుల జాబితాతో సహా దానికి సంబంధించిన సమాచారాన్ని తొలగించి, పూర్తయ్యాక ఈ ఈమెయిల్‌కు తెలియజేయగలరు. చట్టం ప్రకారం ఉంచవలసిన రికార్డులు ఏవైనా ఉంటే, అవేమిటో, ఎంతకాలం ఉంచుతారో కూడా తెలపగలరు.

ఉత్తరాన్ని ఆ గేమ్ సపోర్ట్ అందించే భాషలో, కొనుగోలు రసీదులు వచ్చిన ఈమెయిల్ నుంచే పంపండి. కొత్త చిరునామా నుంచి పంపితే, మీరే ఖాతాదారులని నమ్మించడానికి మళ్లీ ఉత్తర ప్రత్యుత్తరాలు నడపాలి. పాస్‌వర్డ్, ఓటీపీ, పూర్తి కార్డు నంబరు ఎవరడిగినా ఇవ్వకండి. రసీదు కాపీలో కార్డు వివరాలు, ఇంటి చిరునామా ఉంటే కప్పేసి పంపండి.

అమెరికాలో కోపా చట్టం 13 ఏళ్లలోపు పిల్లల నుంచి సేకరించిన సమాచారాన్ని తొలగించమని కోరే హక్కు తల్లిదండ్రులకు ఇస్తుంది. యూరప్‌లో జీడీపీఆర్ కింద వచ్చే అభ్యర్థనకు మామూలుగా ఒక నెలలోపు జవాబివ్వాలి, క్లిష్టమైనవాటికి ఆ గడువు పెరగవచ్చు. మీరుండే చోట వర్తించే చట్టం ఏదైతే దాని పేరు ఉత్తరంలో ఒక వాక్యంగా రాస్తే చాలు, బెదిరింపు ధోరణి అక్కర్లేదు.

## 6. గడువు కాలంలో ఎవరూ లాగిన్ కాకుండా చూడండి

చాలా గేమ్‌లు అడిగిన క్షణంలోనే ఖాతాను చెరపవు. కొన్ని రోజులో, ఒక నెలో గడువు పెడతాయి. ఆ లోపు ఎవరైనా లాగిన్ అయితే తొలగింపు రద్దయ్యే పద్ధతి మామూలు. బిడ్డ కావాలని తెరవనక్కర్లేదు. అలమారలో ఉన్న పాత ట్యాబ్‌ను ఎవరో చార్జింగ్‌కు పెట్టి, గేమ్ బొమ్మ మీద వేలు పెడితే చాలు, అది దానంతట అదే లాగిన్ అయిపోతుంది. రెండు వారాలు గడిచాక ఖాతా ఎందుకు పోలేదని ఆశ్చర్యపోయేవారిలో చాలామందికి జరిగేది ఇదే.

అందువల్ల తొలగింపు కోరిన తర్వాత, రెండో దశలో రాసుకున్న పరికరాల జాబితా తీసి, ఒక్కొక్కదానిలో గేమ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. యాప్ తీసేయడానికి సరైన సమయం ఇదే, ఇంతకు ముందు కాదు. తొలగింపు జరిగిందో లేదో చూద్దామని మీరు కూడా గడువులోపు లాగిన్ కాకండి.

గడువు తేదీ దాటాక, కంపెనీ పంపిన చివరి ఈమెయిల్ చూడండి. అది రాకపోతే, మరో ఆటగాడి ఖాతా నుంచి పాత పేరునో ఐడీనో వెతికించండి. ప్రొఫైల్ ఇంకా కనబడితే, తొలగింపు కోరిన రోజు తీసిన స్క్రీన్‌షాట్ జతచేసి మళ్లీ రాయండి. అదే లాగిన్‌తో గేమ్ తెరిచి పరీక్షిస్తే మాత్రం కొత్త ఖాతా పుట్టుకొస్తుంది. అప్పుడు మళ్లీ మొదటికి వస్తారు.

## 7. లాగిన్ లింకులు తెంచండి

ఖాతా పోయిందని తేలాకే ఈ దశ. గూగుల్‌లో `myaccount.google.com/connections` పేజీలో గేమ్‌ను ఎంచుకుని లింకు తీసేయండి. యాపిల్‌లో సెట్టింగ్స్‌లో పేరు మీద నొక్కి, `Sign in with Apple` జాబితాలోంచి తీసేయండి. ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో `Apps and websites` చూడండి. మెనూలు వెర్షన్‌నుబట్టి మారుతుంటాయి కాబట్టి, కనిపించకపోతే సెట్టింగ్స్ పైన ఉండే వెతికే పెట్టెలో ఈ పేర్లనే కొట్టండి.

## 8. కొనుగోళ్ల చరిత్ర: ఏది పోతుంది, ఏది పోదు

ఇక్కడ ఆశలు సరిగ్గా పెట్టుకోవడం ముఖ్యం. గేమ్ లోపల కనిపించే కొనుగోళ్ల జాబితా ఖాతాతోపాటు మీకు కనబడకుండా పోతుంది. స్టోర్‌లోని ఆర్డర్ రికార్డు మాత్రం పోదు. ప్లే స్టోర్ ఆర్డర్ చరిత్రలోంచిగానీ, యాపిల్ కొనుగోళ్ల చరిత్రలోంచిగానీ ఒక్కో వరుసను చెరిపే బటన్ లేదు. యాపిల్‌లో కొన్న యాప్‌ను జాబితాలో కనబడకుండా దాచవచ్చు, కానీ డబ్బు చెల్లించిన వరుస చరిత్రలో అలాగే ఉంటుంది. పన్ను, లెక్కల చట్టాల కోసం చెల్లింపు రికార్డులను కంపెనీలు కొంతకాలం ఉంచుకోవలసి వస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

మీ చేతిలో ఉన్నవి ఇవి:

- ఈమెయిల్‌కు వచ్చిన రసీదులు, ట్రాష్‌లో ఉన్నవాటితో సహా
- బిడ్డ పరికరంలోని రసీదు స్క్రీన్‌షాట్లు
- స్టోర్‌లోనూ, గేమ్ కంపెనీ వెబ్‌సైట్‌లోనూ దాచిన కార్డు వివరాలు

కార్డు తీసేయబోతే యాపిల్ ఒప్పుకోకపోవడం జరుగుతుంటుంది. నడుస్తున్న చందా, చెల్లించని బాకీ, లేదా కుటుంబంలో కొనుగోళ్లు పంచుకునే ఎంపిక ఉన్నప్పుడు అలా అడ్డుపడుతుంది. మూడో దశలో ఏదో చందా మీ కన్నుగప్పిందేమో చూసుకోవడానికి ఇదొక మంచి గుర్తు కూడా.

రసీదులను చెరిపేముందు, తొలగింపు పూర్తయిందని కంపెనీ రాసిన ఈమెయిల్‌నూ, మొదటి, చివరి కొనుగోళ్ల రసీదులనూ బిడ్డకు అందుబాటులో లేని మీ సొంత ఫోల్డర్‌లో ఉంచండి. తర్వాతి నెల కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ గేమ్ పేరు కనిపించకపోతే మిగిలిన రసీదులన్నీ చెరిపేయవచ్చు. కనిపిస్తే, దాచిన ఆర్డర్ నంబరుతో స్టోర్ సపోర్ట్‌కు రాయడానికి ఆ ఫోల్డరే పనికొస్తుంది.